క్యాంపుల ఉద్యోగం: తగ్గుతున్న బరువు మధ్యలో ఆగిపోకుండా

"ఇంటి దగ్గర ఉన్నన్నాళ్ళు మీరు చెప్పినట్టే తింటున్నానండీ. క్యాంపుకు వెళ్తేనే అంతా తారుమారైపోతోంది." బరువు తగ్గడానికి సలహా తీసుకున్నవారు రెండోసారి పరీక్షకు వచ్చినప్పుడు తరచుగా చెప్పే మాట ఇది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో ఇటువంటి ఉద్యోగాలు చేసేవారు చాలామంది ఉన్నారు. మందుల కంపెనీ ప్రతినిధులు, విత్తనాలు, ఎరువులు అమ్మేవారు, రొయ్యల చెరువులకు మేత సరఫరా చేసే కంపెనీల ఉద్యోగులు, ఆడిట్ పని మీద ఊళ్ళు తిరిగేవారు వారంలో రెండు మూడు రాత్రులు ఇంటికి దూరంగానే గడుపుతారు.

క్యాంపులో వ్యాయామం కుదరకపోవడం వల్లనే బరువు తగ్గడం లేదని వీరిలో చాలామంది అనుకుంటారు. వ్యాయామం తగ్గడం కొంతవరకు కారణమే. కానీ అసలు నష్టం వేళ తప్పిన తిండి వల్ల జరుగుతుంది. పగలు సరిగా తినకపోవడం, రాత్రి పది గంటలకు ఒకేసారి తినడం, మధ్యలో లెక్కలోకి రాని టీలు, చిరుతిళ్ళు, ఈ మూడూ కలిసి వారమంతా పడ్డ కష్టాన్ని మింగేస్తాయి. ఇది ఎలా జరుగుతుందో, ఎక్కడ సరిదిద్దుకోవచ్చో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక వారం లెక్క

బాపట్లలో ఉంటూ రొయ్యల మేత కంపెనీలో పనిచేసే ఒక ఉద్యోగిని ఊహించుకోండి. వయసు 46 సంవత్సరాలు, ఎత్తు 168 సెం.మీ., బరువు 84 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెం.మీ. మన దేశంలో పురుషులకు నడుము 90 సెం.మీ., స్త్రీలకు 80 సెం.మీ. లోపు ఉండాలని వైద్యులు చెబుతారు. అంటే ఈయనకు పొట్ట చుట్టూ కొవ్వు బాగానే చేరింది.

ఈయన శరీరానికి, చేసే పనికి రోజుకు సుమారు 2250 కేలరీలు ఖర్చవుతాయి. డాక్టరు సలహా మేరకు ఇంటి దగ్గర 1750 కేలరీలకు సరిపడా తింటున్నారు. రోజుకు 500 కేలరీలు తక్కువన్నమాట. ఒక కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు నిలువ ఉంటాయి కాబట్టి ఏడు రోజులూ ఇలాగే సాగితే వారానికి అరకిలోకు కొంచెం తక్కువగా కొవ్వు తగ్గుతుంది.

ఇప్పుడు క్యాంపులో ఒక రోజు చూద్దాం. తెల్లవారుజామున రైలెక్కి, తెనాలి మీదుగా విజయవాడ చేరి, అక్కడి నుంచి బస్సులో భీమవరం వెళ్తారు. టిఫిన్ తినే వ్యవధి ఉండదు. ఇంట్లో ఒక టీ, స్టేషన్‌లో ఒక టీ, తర్వాత డీలర్ల దగ్గర, చెరువు గట్ల మీద మరో మూడు. రెండు చెంచాల పంచదార వేసిన టీ ఒక్కొక్కటి 65 కేలరీల చొప్పున అయిదింటికి 325. టీతో పాటు తిన్న నాలుగు బిస్కెట్లు 120. ఎండలో తిరిగి వచ్చినందుకు ఒక రైతు ఇచ్చిన కూల్ డ్రింక్ 105. భోజనం వేళ దాటిపోయాక నాలుగు గంటలకు బస్టాండ్ దగ్గర రెండు సమోసాలు, అవి 500. రాత్రి పావు తక్కువ పదికి డీలర్‌తో కలిసి హోటల్‌లో చికెన్ 65, ఒక ప్లేటు బిర్యానీ, కూల్ డ్రింక్, చివర ఐస్‌క్రీమ్. ఇవన్నీ కలిసి 1600 దాటుతాయి.

మొత్తం సుమారు 2650 కేలరీలు. హోటళ్ళలో నూనె, వడ్డించే పరిమాణం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఇది అంచనా మాత్రమే. అయితే ఆ రోజు గురించి ఆయన్ని అడిగితే "పగలంతా ఏమీ తినలేదండీ, రాత్రి ఒక్కపూటే తిన్నాను" అంటారు. అది అబద్ధం కాదు. ఆయనకు నిజంగానే అలా అనిపిస్తుంది. కూర్చుని ఆకు ముందు తిన్నదే మన మనసు తిండిగా లెక్కపెడుతుంది. నిలబడి తాగినవీ, నడుస్తూ తిన్నవీ గుర్తుండవు.

క్యాంపు మూడు రోజులూ ఇలాగే గడిస్తే రోజుకు 400 చొప్పున 1200 కేలరీలు ఎక్కువవుతాయి. మిగతా నాలుగు రోజులూ ఇంట్లో 500 చొప్పున 2000 తగ్గించారు. వారం చివరకు మిగిలింది 800 కేలరీల తగ్గుదల, అంటే నూరు గ్రాముల కొవ్వు. అది ఏ తూనికలోనూ కనిపించదు. నెల రోజులు నోరు కట్టుకున్నా సూది కదలలేదని విసిగి ఆయన ఆహార నియమాన్ని మానేస్తారు. ఆయన పెద్దగా లావెక్కలేదు. నాలుగు రోజుల్లో పొందినదాన్ని మూడు రోజుల్లో పోగొట్టుకున్నారు, అంతే.

పగలు మానితే రాత్రి ఎందుకు మితి తప్పుతుంది?

ఒక పూట భోజనం మానినంత మాత్రాన కొవ్వు పెరగదు. ఈ విషయంలో చాలామందికి అపోహ ఉంది. పూట మానినా ఆ రోజు మొత్తం తక్కువే తింటే బరువు తగ్గుతుంది. చిక్కు అంతా మానిన పూట తర్వాత వచ్చే ఆకలితోనే.

ఏడెనిమిది గంటలు కడుపు ఖాళీగా ఉంటే ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి. అప్పుడు మన దృష్టి నూనెలో వేగినవాటి మీదకూ, తీపి మీదకూ పోతుంది. తినే వేగం కూడా పెరుగుతుంది. కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు బాగా అందడానికి ఇంచుమించు 20 నిమిషాలు పడుతుంది. ఆకలి మీద ఉన్నవారు పది నిమిషాల్లో ప్లేటు ఖాళీ చేసి, ఇంకొంచెం వడ్డించమంటారు. నిద్ర తక్కువైతే ఇది మరింత ఎక్కువవుతుంది. రాత్రి నాలుగైదు గంటలే పడుకున్నవారికి మరుసటి రోజు ఆకలి ఎక్కువగా ఉండి, మామూలుకంటే ఎక్కువ తింటారు. తెల్లవారుజామున రైలు ఉన్నప్పుడు ముందురోజు పెందలాడే పడుకోవడం కూడా బరువు తగ్గే ప్రయత్నంలో భాగమే.

కాబట్టి క్యాంపులో పాటించవలసిన మొదటి నియమం ఇది. మెలకువగా ఉన్నప్పుడు తిండికీ తిండికీ మధ్య అయిదు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. తిన్న ప్రతిసారీ అందులో మాంసకృత్తులు ఉన్న పదార్థం ఒకటి తప్పనిసరిగా ఉండాలి. గుడ్డు, పప్పు, పెరుగు, చేప, కోడిమాంసం, శనగలు, వీటిలో ఏదైనా సరే. మాంసకృత్తులు ఉన్న ఆహారం తింటే ఆకలి త్వరగా వేయదు. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కూడా అది కాపాడుతుంది.

అదే రోజును సరిదిద్దితే

మన ఉద్యోగి రోజును మళ్ళీ మొదటి నుంచి చూద్దాం. పని మార్చలేదు, రైలు మార్చలేదు, డీలరునూ మార్చలేదు.

ఉదయం బయలుదేరేటప్పుడు డబ్బాలో మూడు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు, కొద్దిగా చట్నీ పెట్టుకుని రైల్లో తిన్నారు. ఇవి సుమారు 390 కేలరీలు. ఉడికించిన గుడ్లను రెండు గంటల లోపు తినేయాలి. ఎండాకాలంలో అయితే గంటలోపే తినడం మంచిది. ఇంటి నుంచి తీసుకువెళ్ళడం కుదరకపోతే స్టేషన్‌లో లేదా బస్టాండ్‌లో వేడి ఇడ్లీ తినవచ్చు. పూరీ, మైసూరు బజ్జీ, గారె నూనెలో వేగేవి కాబట్టి వాటిని ఆ పూటకు వదిలేయాలి.

టీలు అయిదూ అలాగే ఉన్నాయి, పంచదార మాత్రం లేదు. ఇప్పుడు అయిదింటికి 200 కేలరీలు. మన పల్లెల్లో టీ వద్దంటే మనసు నొచ్చుకుంటారు. "టీ కూడా తాగకుండా వెళ్తారా?" అని అడుగుతారు. "తాగుతాను బాబాయ్, పంచదార లేకుండా ఇప్పించండి" అంటే ఎవరూ నొచ్చుకోరు. షుగర్ వ్యాధి ఉన్నవారు ప్రతి ఇంట్లో ఉండే ఈ రోజుల్లో ఆ మాట ఎవరికీ కొత్త కాదు. కూల్ డ్రింకుకు బదులు మజ్జిగో, ఒక కొబ్బరి బొండమో అడగవచ్చు.

మధ్యాహ్నం ఒంటిగంటకు, పని మధ్యలో ఉన్నా సరే, భోజనం హోటల్‌కు వెళ్ళారు. అక్కడ ఒకే ఒక జాగ్రత్త తీసుకున్నారు. మొదటిసారి వడ్డించిన అన్నంతోనే పప్పు, కూర, పెరుగు మూడూ పూర్తి చేశారు. ఫుల్ మీల్స్‌లో పొరపాటు జరిగేది అన్నం దగ్గరే. పప్పుకు ఒకసారి, సాంబారుకు ఒకసారి, పెరుగుకు ఒకసారి వడ్డించుకుంటే నాలుగు కప్పుల అన్నం అవుతుంది. ఒక కప్పు అన్నానికి 200 కేలరీలు. ఆయన కప్పున్నర అన్నం, కప్పు పప్పు, ఒక కూర, పెరుగు తిన్నారు. పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నా నష్టం లేదు. వేపుడు, అప్పడం, నెయ్యి పక్కన పెట్టారు. మొత్తం 630.

సాయంత్రం అయిదు గంటలకు చేతిసంచిలోని వేయించిన శనగలు ఒక గుప్పెడు, ఒక జామకాయ లేదా అరటిపండు తిన్నారు. ఇవి 190. రోజు మొత్తంలో అన్నిటికంటే విలువైన చిరుతిండి ఇదే. రాత్రి హోటల్‌లో కూర్చునేసరికి ఆకలి అదుపులో ఉండడానికి ఇదే కారణం. ఒక వారానికి సరిపడా శనగలను ఇంట్లోనే 30 గ్రాముల చొప్పున చిన్న పొట్లాలు కట్టి సంచిలో వేసుకోవాలి. పెద్ద ప్యాకెట్ తీసుకువెళ్తే ఒక్క ప్రయాణంలోనే అయిపోతుంది. వేరుశనగ ఉండలు మంచివే అయినా వాటిలో బెల్లం, నూనె ఎక్కువ కాబట్టి ఈ పనికి శనగలే మేలు.

రాత్రి ఎనిమిదిన్నరకు రెండు పుల్కాలు, గుడ్డు కూర లేదా చికెన్ కూర ముక్కలు, కొంచెం పెరుగు, కీర ముక్కలు తిన్నారు. ఇవి 480. హోటల్ కూరల్లో నూనె పైకి తేలి ఉంటుంది. ముక్కలు తీసుకుని గ్రేవీని గిన్నెలోనే వదిలేస్తే సగం నూనె తప్పుతుంది.

మొత్తం 1890 కేలరీలు. ఇది ఇంటి లెక్క 1750 కంటే ఎక్కువే. అయినా పరవాలేదు. క్యాంపులో ఇంటి లెక్కను పట్టుకు కూర్చుంటే మొదటి రోజే తప్పుతుంది, తప్పాక ఎలాగూ పోయింది కదా అని మిగతా రెండు రోజులూ వదిలేస్తాం. క్యాంపు రోజులకు వేరే లెక్క పెట్టుకోవడం మంచిది. ఇలా మూడు రోజులు గడిస్తే వారంలో మొత్తం తగ్గుదల 3000 కేలరీలు దాటుతుంది, సుమారు 400 గ్రాముల కొవ్వు. ముందు చూసిన వారంలో అది నూరు గ్రాములే. ఈ తేడా అంతా ఉదయపు ఇడ్లీ, వేళకు చేసిన భోజనం, సాయంత్రపు శనగలు తెచ్చిందే.

డీలరు విందు తప్పనప్పుడు

మూడు రాత్రుల్లో ఒక రాత్రి విందు తప్పకపోవచ్చు. ఉద్యోగంలో అది భాగం. ఆ రోజు పగటి భోజనం మానకండి, అలా మానితే రాత్రి రెట్టింపు తింటారు. సాయంత్రపు శనగలు తిని వెళ్ళండి. వేపుడు ముక్కలు, బిర్యానీ, ఐస్‌క్రీమ్ మూడూ ఉంటే వాటిలో ఒకటి ఎంచుకోండి. బిర్యానీ ఎంచుకుంటే ఇద్దరూ ఒక ప్లేటు పంచుకుని, ముక్కలు, పెరుగు పచ్చడి ఎక్కువగా, అన్నం తక్కువగా పెట్టుకోండి. ఒకసారి ప్లేటులో పెట్టుకున్నాక మళ్ళీ గిన్నె వైపు చేయి చాపవద్దు.

మద్యం విషయం కూడా చెప్పుకోవాలి. 60 మి.లీ. విస్కీ లేదా బ్రాందీలో 130 కేలరీలకు పైగా ఉంటాయి. దానికంటే దానితో తినే వేయించిన జీడిపప్పు, పకోడీ ఎక్కువ నష్టం చేస్తాయి. మద్యం పడ్డాక ఎంత తింటున్నామో తెలియదు, నిద్ర కూడా సరిగా పట్టదు. పూర్తిగా మానడమే ఆరోగ్యానికి మంచిది.

విమానాశ్రయంలో

మన ప్రాంతం వారు చెన్నైకో హైదరాబాదుకో విమానంలో వెళ్ళాలంటే గన్నవరం చేరాలి. తెనాలి నుంచి విజయవాడ దాటి గన్నవరం వెళ్ళేసరికి గంటన్నర పడుతుంది. ఉదయం ఏడున్నర విమానానికి నాలుగున్నరకే ఇల్లు కదలాలి. విమానంలో గడిపేది గంట. ఇంటి నుంచి అవతలి ఊరి హోటల్ చేరేసరికి ఆరు గంటలు. ఈ ఆరు గంటలకూ తిండి ఏర్పాటు లేకపోతే విమానాశ్రయంలో పఫ్, కేకు, కోల్డ్ కాఫీ తప్పవు. పైన క్రీమ్ వేసిన పెద్ద గ్లాసు కోల్డ్ కాఫీ ఒక్కటే 300 కేలరీలు దాటవచ్చు.

ఇంటి తిండిని విమానాశ్రయంలోకి తీసుకువెళ్ళనివ్వరని చాలామంది అనుకుంటారు. దేశంలోపల తిరిగే విమానాలకు ఇడ్లీ, చపాతీ, ఉడికించిన గుడ్లు, పండ్లు, శనగలు వంటి పొడి ఆహారం చేతిసంచిలో తీసుకువెళ్ళవచ్చు. కారప్పొడి, నూనె ఓడే పచ్చళ్ళ దగ్గర మాత్రం తనిఖీలో అభ్యంతరం రావచ్చు కాబట్టి వాటిని సంచిలో పెట్టవద్దు. గుడ్డు అట్టును చపాతీలో చుట్టి కాగితంలో పెట్టుకుంటే తినడం తేలిక, చేతికి అంటదు. తనిఖీ పూర్తయ్యాక ప్రశాంతంగా కూర్చుని తినండి. ఖాళీ నీళ్ళ సీసా తీసుకువెళ్ళి లోపల నింపుకోండి. విమానాల్లో అమ్మే కప్పు నూడుల్స్‌లో, ఉప్పు వేసిన జీడిపప్పులో ఉప్పు బాగా ఎక్కువ. వీలైనంతవరకు వాటిని తీసుకోకండి.

విమానాశ్రయంలో గంటసేపు కూర్చుని గడిపేస్తాం. అందులో అరగంట నడవవచ్చు. సామాను అప్పగించాక చేతిసంచి భుజాన వేసుకుని హాలు ఒక చివర నుంచి మరో చివరకు నడవండి. శంషాబాద్ వంటి పెద్ద విమానాశ్రయాల్లో దీనికి కావలసినంత చోటు ఉంది. కదిలే మెట్లకు బదులు మామూలు మెట్లు ఎక్కండి. ఈ అరగంటకు ఖర్చయ్యేది నూరు కేలరీలకు అటూ ఇటూగా ఉంటుంది. అందుకని "నడిచాను కదా, ఒక పఫ్ తింటే ఏం" అనుకోకూడదు. పఫ్ అంతకు రెండింతలు ఉంటుంది. నడక వల్ల కాళ్ళలో రక్తప్రసరణ బాగుంటుంది, కాళ్ళ వాపు తగ్గుతుంది, తిన్న తర్వాత రక్తంలో చక్కెర మరీ పెరగకుండా ఉంటుంది. ఆ లాభాల కోసం నడవండి.

హోటల్ గదిలో పదిహేను నిమిషాలు

తక్కువ తింటూ బరువు తగ్గేవారిలో కొవ్వుతో పాటు కొంత కండ కూడా తగ్గుతుంది. కండ తగ్గితే బలం తగ్గుతుంది, తగ్గిన బరువును నిలబెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. కండరాలకు పని చెబితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. దీనికి జిమ్ అవసరం లేదు. గదిలో ఉన్న కుర్చీ, గోడ, మీ సంచి చాలు.

1. చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. చేతులు ముందుకు చాపి, నెమ్మదిగా కూర్చుని లేవండి. 12 సార్లు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు మంచం అంచు మీద కూర్చుని లేవవచ్చు.

2. గోడకు ఒక అడుగున్నర దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వాలి మళ్ళీ వెనక్కు రండి. 12 సార్లు. ఇది తేలికనిపిస్తే గోడకు బదులు గట్టి బల్ల అంచు పట్టుకుని చేయండి.

3. ఒక చేయి బల్ల మీద ఆనించి, నడుము నిటారుగా ఉంచి ముందుకు వంగండి. రెండో చేత్తో అయిదారు కిలోల సంచిని పట్టుకుని మోచేయి వెనక్కు వచ్చేలా నడుము దగ్గరకు లాగండి. ఒక్కో చేతికి 12 సార్లు.

4. నేల మీద దుప్పటి పరిచి వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. పాదాలు నేలకు నొక్కి తుంటి పైకెత్తి, రెండు అంకెలు లెక్కపెట్టి దించండి. 12 సార్లు.

నాలుగూ వరుసగా చేసి ఒక నిమిషం ఆగండి. మొత్తం మూడు విడతలు చేస్తే పదిహేను నిమిషాలు పడుతుంది. వారంలో మూడు రోజులు చాలు. చివరి రెండు మూడు సార్లు కొంచెం కష్టంగా ఉండాలి, కానీ ఊపిరి బిగపట్టకూడదు. ఉదయం స్నానానికి ముందు చేయండి. సాయంత్రం చేద్దామనుకుంటే ఏదో ఒక పని అడ్డొస్తుంది. రాత్రి భోజనం తర్వాత హోటల్ వరండాలోనో, వెలుతురు ఉన్న వీధిలోనో పది పదిహేను నిమిషాలు నడవండి.

గది అద్దెతో కలిపి టిఫిన్ ఇచ్చే హోటళ్ళలో మరో చిక్కు ఉంటుంది. ఉచితం కాబట్టి అన్నీ రుచి చూస్తాం. ప్లేటు తీసుకునే ముందు ఒకసారి చుట్టూ తిరిగి ఏమేమి ఉన్నాయో చూడండి. గుడ్లు, ఇడ్లీ, పండ్లు తీసుకుని కూర్చోండి. సీసాల్లోని పండ్ల రసంలో పంచదార ఎక్కువ కాబట్టి పండునే తినండి.

ఇంటికి వచ్చిన మర్నాడు బరువు చూసుకోకండి

చాలామంది ప్రయత్నం మానేసేది ఈ ఉదయమే. గురువారం రాత్రి ఇంటికి చేరి, శుక్రవారం ఉదయం తూనిక ఎక్కితే 84 కిలోలు ఉన్నవారు 85.6 కిలోలు చూపించవచ్చు. మూడు రోజుల్లో కిలోన్నర కొవ్వు పెరిగిందా? లెక్క వేయండి. 1.6 కిలోల కొవ్వు చేరాలంటే ఖర్చయ్యే దానికి మించి 12,000 కేలరీలకు పైగా తినాలి. మొదట చెప్పిన అదుపు లేని మూడు రోజుల్లో కూడా ఎక్కువైంది 1200 మాత్రమే. అది 150 గ్రాముల కొవ్వు.

మిగిలినదంతా చాలావరకు నీరు. హోటల్ కూరలు, పచ్చళ్ళు, బిర్యానీలోని ఉప్పు శరీరంలో నీటిని నిలుపుతుంది. అన్నం, పిండి వంటలు ఎక్కువైనప్పుడు కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ నిలువ పెరుగుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిలుస్తుంది. ప్రయాణంలో మలబద్ధకం సాధారణం, ఆ బరువు కూడా కలుస్తుంది. ఇంటి భోజనం మొదలైన మూడు నాలుగు రోజుల్లో ఇదంతా తగ్గిపోతుంది. నీరా, కొవ్వా అని తెలుసుకునే పద్ధతి కూడా ఇదే. నాలుగో రోజు ఉదయానికి పాత అంకెకు దగ్గరగా వస్తే అది నీరు. వారం దాటినా తగ్గకపోతే నిజంగానే ఎక్కువ తిన్నారన్నమాట.

కాబట్టి తిరిగి వచ్చిన మూడో లేదా నాలుగో ఉదయం, కాలకృత్యాలు తీరాక, టీ తాగకముందు, ఇంట్లోని తూనిక మీదే బరువు చూసుకోండి. హోటల్ తూనికతోనో, మందుల షాపు తూనికతోనో పోల్చవద్దు. రెండు వారాలకొకసారి నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక టేపును బిగించకుండా కొలవాలి. బరువు కదలకపోయినా నడుము తగ్గుతుంటే కొవ్వు కరుగుతున్నట్టే.

అంకె చూసి భయపడి మర్నాడు పస్తులుండకండి. పస్తు తర్వాత వచ్చే ఆకలి ఏం చేస్తుందో పైన చూశాం. తిరిగి వచ్చిన మొదటి భోజనం నుంచే మామూలు ఇంటి లెక్కకు వచ్చేస్తే చాలు.

షుగర్, బి.పి., గుండె జబ్బు ఉన్నవారికి

ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవారు ప్రయాణంలో భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తట్టుకోలేని ఆకలి, మాట తడబడడం దీని లక్షణాలు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ అంతే తాగి, తగ్గాక ఏదైనా తినాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఇటువంటివారు తిండి తగ్గించే ముందే డాక్టరును కలిసి మందుల మోతాదు మార్పించుకోవాలి. చాలాసార్లు బరువు తగ్గేకొద్దీ మోతాదు కూడా తగ్గించవలసి వస్తుంది. విమానంలో వెళ్ళేటప్పుడు ఇన్సులిన్‌ను, మందుల చీటీని చేతిసంచిలోనే ఉంచుకోండి. అప్పగించిన సామానులో పెడితే చలికి పాడు కావచ్చు, సంచి రావడం ఆలస్యం కావచ్చు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచే ముందు డాక్టరును అడగాలి. బి.పి. అదుపులో లేనివారు, గుండె జబ్బు ఉన్నవారు వ్యాయామం మొదలుపెట్టే ముందు పరీక్ష చేయించుకోవాలి. వ్యాయామంలో ఛాతీ బరువెక్కినా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా, తల తిరిగినా వెంటనే ఆపి దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళండి. ఎక్కువసేపు ప్రయాణం చేశాక ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే కాళ్ళు పట్టించుకుని ఊరుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. అది రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు.

క్యాంపు సంచి సర్దేటప్పుడు

• శనగల పొట్లాలు, రోజుకు ఒకటి చొప్పున
• మొదటి పూట టిఫిన్ డబ్బా
• ఖాళీ నీళ్ళ సీసా
• నడవడానికి వీలైన బూట్లు
• వాడుతున్న మందులు రెండు రోజులకు అదనంగా, షుగర్ ఉన్నవారికి చిన్న పంచదార పొట్లం
• చిన్న పుస్తకం, కలం. తాగిన టీలు, నిలబడి తిన్నవి కూడా అందులో రాయాలి

తర్వాతిసారి పరీక్షకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకురండి. ఏ పూట దారి తప్పుతోందో అందులో కనిపిస్తుంది, సలహా కూడా ఆ పూటకే ఇవ్వవచ్చు.